నాన్నగారి సందేశంలో అసలు మాట మొదటి వరసలో రావాలంటే ఎలా నేర్పాలి?

పద్మారావునగర్ వాసి

మా నాన్నగారికి 73 ఏళ్ళు. మొన్నటి సంక్రాంతి దాకా ఆయన బటన్ల ఫోనే వాడారు. పండుగకు నేను టచ్ ఫోను కొనిచ్చి వాట్సాప్ నేర్పాను. తెలుగులో టైపు చేయడం పది రోజుల్లో పట్టుబడింది. అయితే ఆయన రాసినది చదివాక నేను చేయవలసిన పని ఏమిటో నాకు తెలియడం లేదు. దానివల్ల పోయిన మంగళవారం ఒక పొరపాటు జరిగింది.

ఆయనకు కంటి శుక్లం ఆపరేషన్ అయి వారం రోజులైంది. ఆ రోజు సాయంత్రం 4 గంటలకు డాక్టరుగారికి మళ్ళీ చూపించాలి. నేను మాదాపూర్ ఆఫీసు నుంచి 2 గంటలకే బయలుదేరి వచ్చి తీసుకువెళ్ళాలని ముందే అనుకున్నాం. పొద్దున 9.10 నుంచి 9.31 వరకు ఆయన నుంచి ఏడు సందేశాలు వచ్చాయి. ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

బాబూ

పనిలో ఉన్నావా

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం

రాత్రి వాన బాగా పడింది రెండు గంటలు కరెంటు లేదు

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది డాక్టరుగారు సాయంత్రం ఉండరట

పదకొండు గంటలకు రమ్మన్నారు

సరే నీ పని చూసుకో తొందరేం లేదు

అప్పుడు నేను మీటింగులో ఉన్నాను. బయటికి వచ్చి వాట్సాప్ తెరిస్తే నాన్నగారి పేరు కింద చివరి సందేశం ఒక్కటే కనిపించింది. తొందరేం లేదన్నారు కదా అని ఫోను బోర్లా పెట్టి మళ్ళీ పనిలో పడ్డాను. మొత్తం చదివేసరికి 12.15 అయింది. ఆ డాక్టరుగారు మళ్ళీ దొరికింది శుక్రవారం నాడే. కన్ను బాగానే ఉంది, కానీ మంగళవారం మార్చవలసిన చుక్కల మందు మార్చకుండా మూడు రోజులు పాతదే వేసుకున్నారు.

అసలు మాట ముందు రాయండి నాన్నా అని చెప్పాను. "రాశాను కదా, పదకొండుకు రమ్మన్నారని" అన్నారు. ఆయన దృష్టిలో ఆయన చెప్పేశారు. ఇంట్లో పెద్దవాళ్ళకు గానీ పిల్లలకు గానీ ఇది నేర్పినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎలా నేర్పారో చెప్పగలరా?

మల్లెతీగ

మా అత్తగారు "అమ్మాయీ" అని ఒక్క మాట పంపి, తర్వాతిది టైపు చేయడానికి ఆరేడు నిమిషాలు తీసుకుంటారు. ఆ ఆరు నిమిషాలూ నా గుండె నా చేతిలో ఉండదు. ఫోను చేస్తే ఎత్తరు, ఎందుకంటే ఆవిడ టైపు చేస్తూ ఉంటారు. చివరికి వచ్చే మాట "చింతపండు ఏ డబ్బాలో పెట్టావు" అని. మీకు జరిగినంత నష్టం మాకు ఇంకా జరగలేదు గానీ, ఏదో ఒకరోజు జరుగుతుందన్న భయం నాకూ ఉంది.

కూకట్‌పల్లి కుర్రాడు

పెద్దవాళ్ళకు టైపింగ్ ఎందుకు నేర్పుతున్నారో నాకు అర్థం కాదు. మైకు గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడమంటే సరిపోతుంది. వాళ్ళు మాటల్లో చక్కగా చెప్పగలరు, రాతలోనే తడబడతారు. మా తాతగారికి అదే నేర్పాను, ఏ ఇబ్బందీ లేదు.

రాత్రి షిఫ్టు

ఇబ్బంది లేనిది పంపేవారికే. వినేవారి సంగతి కూడా చూడాలి. నేను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సును. వాయిస్ మెసేజ్ వస్తే తెర మీద నాకు కనిపించేది మైకు బొమ్మా, ఎన్ని నిమిషాలో చెప్పే అంకె మాత్రమే. లోపల ఏముందో వింటే తప్ప తెలియదు, వార్డులో వినే వీలుండదు. మా అమ్మ పంపినది ఒకటి 2 నిమిషాల 40 సెకన్లు ఉంది. తెల్లవారి విన్నాను. పక్కింటి పెళ్ళి సంగతులన్నీ చెప్పాక, చివర పది సెకన్లలో "బీపీ మాత్రలు నిన్నటితో అయిపోయాయి, వచ్చేటప్పుడు తీసుకురా" అంది. అప్పటికే నేను మందుల దుకాణం దాటి ఇంటికి వచ్చేశాను. చేత్తో రాసినా, నోటితో చెప్పినా, అసలు మాట చివరికి పోతే ఫలితం ఒక్కటే.

గుడిమల్కాపూర్ గృహిణి

మా మామగారు రోజూ పొద్దున్నే ఇరవై శుభోదయం బొమ్మలు పంపుతారు, ఫోను నిండిపోతోంది. ఆయన మనసు నొప్పించకుండా ఇది ఎలా ఆపాలో నాకూ చెప్పండి.

పద్మారావునగర్ వాసి

గృహిణిగారూ, నేను అడిగింది సందేశాలు తగ్గించడం గురించి కాదండి. నాన్నగారు ఎన్ని పంపినా నాకు సంతోషమే. నేను చేయవలసిన పని ఒకటి అందులో ఉన్నప్పుడు అది ముందు కనిపించాలన్నదే నా బాధ.

గుడిమల్కాపూర్ గృహిణి

నేను సరిగా చదవలేదు, క్షమించండి. అయితే మా ఇంట్లోనూ ఇది జరిగింది. ఆ బొమ్మల మధ్యలో ఒకరోజు "గ్యాసు అయిపోయింది" అన్న మాట వచ్చింది, మేమెవ్వరం చూడలేదు. మీరు చెప్పినది చదివాకే అది గుర్తుకు వచ్చింది.

నాచారం పాఠాలు

మా కాలనీ సంఘం గదిలో ఆదివారం పూట పెద్దవాళ్ళకు ఫోను వాడకం నేర్పుతున్నాను, రెండేళ్ళు దాటింది. వాసిగారు పెట్టిన ఏడు సందేశాలు నాలుగుసార్లు చదివాను. అందులో ఉన్నది ఒక్క చిక్కు కాదు. వేరువేరు చిక్కులు కలిసిపోయాయి, వాటి మందులు కూడా వేరు.

మొదటిది ముక్కలుగా వెళ్ళడం. మీ నాన్నగారు ఒకే ఉత్తరం రాస్తున్నాననుకున్నారు, ఫోను దానిని ఏడు ముక్కలు చేసింది. వాట్సాప్ జాబితాలో కనిపించేది చివరి ముక్క ఒక్కటే కాబట్టి, ఏడింటిలో ఏ పనికీ సంబంధం లేని ముక్క మీ కంట పడింది. ఇలా ముక్కలైనప్పుడు అసలు మాట ముందుంటే చాలదు, ఆ తర్వాత మరేదీ రాకుండా కూడా ఉండాలి. ఒకసారి ఆయన ఫోనులో Settings లో Chats తెరిచి, Enter is send అన్నది ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే, కింది వరసకు పోదామని నొక్కిన ప్రతిసారీ సందేశం వెళ్ళిపోతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇంట్లో పిల్లలు సౌకర్యంగా ఉంటుందని దానిని ఆన్ చేసి ఇచ్చి ఉంటారు.

రెండోది ఇంకా లోతైనది. ఆ ఏడింటిలో మిమ్మల్ని అడిగిన మాట ఏది? ఎక్కడా లేదు. "పదకొండు గంటలకు రమ్మన్నారు" అన్నది వార్త. "నువ్వు వచ్చి నన్ను తీసుకువెళ్ళు" అన్నది అడగడం. ఆయన వార్త చెప్పి ఊరుకున్నారు, పైగా మిమ్మల్ని ఇబ్బంది పెట్టానేమో అని చివర వెనక్కి తీసుకున్నారు. మీరు ఆయనకు "అసలు మాట ముందు రాయండి" అని చెప్తే, ఆయన ఆ వార్తనే తెచ్చి ముందు పెడతారు. పని మాత్రం అప్పుడూ మీరే ఊహించుకోవాలి.

పద్మారావునగర్ వాసి

ఇప్పుడే వెళ్ళి చూశాను. Enter is send ఆన్‌లోనే ఉంది. పెట్టింది నేనే, జనవరిలో. ఆ విషయం పూర్తిగా మరిచిపోయాను. ఆఫ్ చేశాను.

మీ రెండో మాట నన్ను బాగా ఆలోచింపజేస్తోంది. మా నాన్నగారు ఎదురుగా ఉన్నా ఏదీ అడగరు. మంచినీళ్ళు కావాలన్నా "దాహంగా ఉంది" అంటారు. ఇంట్లో అయితే అమ్మ లేచి తెచ్చి ఇస్తుంది కాబట్టి ఆ లోటు ఎప్పుడూ బయటపడలేదు.

మల్లెతీగ

మా అత్తగారి ఫోనులోనూ అదే ఆన్‌లో ఉంది. ఆఫ్ చేసి, కింది వరసకు ఎలా పోవాలో చూపించాను. ఒక గంటలోనే "అమ్మాయీ పాలవాడికి ఎంత ఇవ్వాలి" అని ఒకే సందేశం వచ్చింది. నాకు ఇంత సంతోషం కలుగుతుందనుకోలేదు.

విశ్రాంత గుమాస్తా

నా వయసు 68. ఇక్కడ మీరు మాట్లాడుకుంటున్న "పెద్దవాళ్ళు" అంటే నేనే. మా మాట కూడా వినండి. మేము ఉత్తరం మొదలుపెట్టేది "ఉభయకుశలోపరి" అని. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము అన్నాకే విషయంలోకి వెళ్ళేవాళ్ళం. కొడుకు ఎలా ఉన్నాడో అడగకుండా, తిన్నాడో లేదో తెలుసుకోకుండా, ఫలానా పని చెయ్యి అని మొదటి మాటగా రాయడం నాకు చేతకాదు. అది యజమాని నౌకరుకు చెప్పే పద్ధతి. మీకు తీరిక లేదన్న కారణంతో మా పలకరింపును అడ్డంగా లెక్కించకండి.

కూకట్‌పల్లి కుర్రాడు

పలకరింపు వద్దని ఎవరూ అనడం లేదు కదండీ. ముందా వెనకా అన్నదే ప్రశ్న.

విశ్రాంత గుమాస్తా

వెనక పెట్టిన పలకరింపు పలకరింపు కాదు నాయనా. గుమ్మంలో నిలబడి పని చెప్పి, వెళ్ళేటప్పుడు బాగున్నారా అని అడిగితే ఎలా ఉంటుంది?

తంతి మామయ్య

గుమాస్తాగారి బాధ నాకు తెలుసు, అయినా నా అనుభవం వేరుగా ఉంది. నేను 1978 నుంచి తంతి కార్యాలయంలో కౌంటరు దగ్గర పనిచేశాను. మన దేశంలో టెలిగ్రాములు 2013 జులైలో ఆగిపోయాయి, నేను అంతకు ముందే రిటైరయ్యాను. టెలిగ్రాముకు మాటల లెక్కన డబ్బు కట్టవలసి వచ్చేది. పల్లె నుంచి వచ్చినవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడి కథంతా చెప్పేవారు. అమ్మకు నాలుగు రోజులుగా జ్వరమని, ఆర్‌ఎంపీ డాక్టరు చూశాడని, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడని, చేతిలో డబ్బు లేదని, తమ్ముడు బొంబాయిలో ఉన్నాడని. అంతా విన్నాక నేను ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి. "ఇది అందుకున్న మీ తమ్ముడు ఏం చెయ్యాలి?" అప్పుడు వాళ్ళు ఒక క్షణం ఆగి, "బయలుదేరి రావాలె సారూ" అనేవారు. ఫారం మీద మొదట అదే రాసేవాణ్ణి. అమ్మకు జ్వరం అన్నది దాని తర్వాత వచ్చేది.

వాళ్ళెవరికీ నేను "అసలు మాట ముందు చెప్పు" అనలేదు. అలా అంటే ఎవరికైనా తన కథలో ప్రతి మాటా అసలు మాటే. చదివే మనిషి ఏం చెయ్యాలని అడిగితేనే జవాబు ఒక్క మాటలో వచ్చేది. వాసిగారు తన నాన్నగారిని ఇలా అడిగి చూడాలి.

విశ్రాంత గుమాస్తా

మామయ్యగారూ, టెలిగ్రాము వచ్చిందంటే వీధి వీధంతా మా ఇంటి ముందుకు వచ్చేది, విప్పకముందే మా అమ్మ ఏడుపు మొదలుపెట్టేది. ఆ పొట్టి మాటల మీద మా తరానికి ఉన్నది భయమే. ఈ రోజు నా కొడుకు నుంచి "వెంటనే ఫోను చెయ్యి నాన్నా" అని ఒక్క వరస వస్తే నా చేతులు వణుకుతాయి. మా చేత అలా రాయించే ముందు, మీరు మాకు అలా రాయడం మానండి.

తంతి మామయ్య

అది నిజం, నేను ఒప్పుకుంటాను. పని చెప్పి కారణం చెప్పకపోవడం వల్ల వచ్చే భయం అది. టెలిగ్రాములో డబ్బు మిగులుతుందని కారణం కోసేసేవారు, మాలో కొందరు కోయించేవారు కూడా. ఫోనులో ఆ లెక్క లేదు కాబట్టి పని ఒక వాక్యం, వెంటనే కారణం ఒక వాక్యం పెట్టవచ్చు.

నాచారం పాఠాలు

ఆ రెండు వాక్యాల దగ్గరే మన తెలుగులో ఒక కష్టం ఉంది. మా తరగతిలో నేను ఎక్కువ సమయం దీని మీదే గడుపుతాను. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. కారణం ముందు చెప్పి, పని చివర చెప్పడం మనకు సహజం. పోయిన నవంబరులో మా తరగతికి వచ్చే ఒక పెద్దావిడ తన కొడుకుకు రాసినది చూడండి.

"నవంబరు నెల వచ్చింది కదా పెన్షను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలని బ్యాంకువాళ్ళు చెప్పారు పోయినసారి ఆలస్యమైతే పెన్షను ఆగింది నాకు ఆటో ఎక్కడం కష్టంగా ఉంది కాబట్టి రేపు పొద్దున పది గంటలకు నన్ను బ్యాంకుకు తీసుకువెళ్ళు"

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అడగడం కూడా ఉంది. కానీ తాళం పడిన ఫోను తెర మీద కనిపించేది ఒకటి రెండు వరసలు మాత్రమే. అక్కడ "నవంబరు నెల వచ్చింది కదా పెన్షను కోసం" దాకా కనిపించి ఆగిపోయింది. కొడుకు అదొక కబురనుకున్నాడు.

నేను ఆవిడకు వ్యాకరణం చెప్పలేదు. ఆ సందేశాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి, "కాబట్టి" అన్న మాట ఎక్కడుందో వెతకమన్నాను. దొరికాక అక్కడ కత్తెరతో కత్తిరించాం. కింది ముక్కను పైన అతికించాం. ఇలా వచ్చింది.

"రేపు పొద్దున 10 గంటలకు నన్ను బ్యాంకుకు తీసుకువెళ్ళు నాన్నా. పెన్షను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. పోయినసారి ఆలస్యమైతే పెన్షను ఆగింది, నాకు ఆటో ఎక్కడం కష్టంగా ఉంది."

మాటలు ఆవిడవే, క్రమం మారింది. "కాబట్టి"తో పాటు నవంబరు ముక్కా, బ్యాంకువాళ్ళు చెప్పారన్న ముక్కా పోయాయి, "నాన్నా" అన్న పిలుపు చేరింది. చాలామంది సందేశాల్లో "కాబట్టి" గానీ "అందుకని" గానీ "ఏమంటే" గానీ ఉంటుంది. దాని తర్వాత ఉన్నదే పైకి రావాలి. కాగితం, కత్తెర వాడినప్పుడు వాళ్ళకు అది చేతికి వస్తుంది. ఫోనులోనే నేర్పబోతే వేలు ఎక్కడో తగిలి మొత్తం చెరిగిపోతుంది, దానితో నేర్చుకోవాలన్న కోరికా పోతుంది.

గుమాస్తాగారికి ఒక మాట. పైన "నాన్నా" అన్న పిలుపు ఉంది చూడండి. ఆ పిలుపు తీసేస్తే మీరు చెప్పినట్టు అది నౌకరుకు చెప్పిన మాటలాగే ఉంటుంది. దానిని ఎప్పుడూ తీయనివ్వను.

విశ్రాంత గుమాస్తా

కత్తెర పద్ధతి బాగుంది. నేను ముప్పై ఏళ్ళు అర్జీలు చూసినవాణ్ణి. అర్జీలో "ఆర్యా" అన్నాక "విషయం" అని ఒక వరస పైనే ఉంటుంది, అది లేని అర్జీని మేమే తిప్పి పంపేవాళ్ళం. కాబట్టి నాకు తెలియనిది కాదు. అధికారికి రాసేది వేరు, బిడ్డకు రాసేది వేరు అన్నదే నా అభిప్రాయం, అది ఇప్పటికీ మారలేదు. అయితే ఆసుపత్రి, మందులు, బ్యాంకు ఉన్నప్పుడు "విషయం" వరస పైన రాయడానికి నాకు అభ్యంతరం లేదు.

కూకట్‌పల్లి కుర్రాడు

నిన్న తాతగారిని అడిగాను. నేను ఆఫీసులో ఉండగా పంపినవాటిలో సగం నేను సాయంత్రం దాకా వినడం లేదని ఆయనకు తెలుసట, అందుకే ముఖ్యమైనది ఉంటే మా అమ్మకు చెప్తున్నారట. ఇబ్బంది లేదని నేను అనుకుంటున్నాను, ఆయన దారి మార్చుకున్నారు. రాత్రి షిఫ్టుగారు చెప్పినది నాకు ఇప్పుడు అర్థమైంది.

కీబోర్డు మీద ఉన్న మైకుతో మాట్లాడితే అక్షరాలుగా పడుతుంది కదా అని దానిని చూపించాను. తెలుగు బాగానే పడింది. కానీ వాక్యానికీ వాక్యానికీ మధ్య చుక్క పడలేదు, అంతా ఒకే తాడులా వచ్చింది. మొదటి మాటగా పని చెప్పి, పంపి, తర్వాత మిగతాది మాట్లాడమన్నాను. ఇది సరైన పద్ధతేనా?

నాచారం పాఠాలు

పని చెప్పి పంపేసి, మిగతాది తర్వాత పంపితే జాబితాలో మళ్ళీ ఆ మిగతాదే పైకి వస్తుంది. పని చెప్పిన సందేశానికి మీ నుంచి జవాబు వచ్చాకే రెండోది మాట్లాడమనండి. ఆ లోపల ఆయనకు ఓపిక ఉంటుందా అన్నది నేను చెప్పలేను.

ఏడో తరగతి అమ్మ

పిల్లల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి మా పాప గురించి రాస్తున్నాను. పాపకు 12 ఏళ్ళు, ఇంట్లో ఉండే పాత ఫోను నుంచి నాకు సందేశాలు పంపుతుంది. పెద్దవాళ్ళ మొహమాటం దానికి లేదు. "అమ్మా" "అమ్మా" "అమ్మాాా" అని అయిదు పంపుతుంది, నేను మెట్రోలోంచి "ఏంటమ్మా" అంటే జవాబు ఉండదు, ఆటలోకి వెళ్ళిపోయి ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు పక్క మీద పడుకుని, రేపు స్కూలుకు చార్టు తీసుకువెళ్ళాలని చెప్తుంది. అప్పటికి మా వీధిలో స్టేషనరీ దుకాణం మూసేసి ఉంటుంది.

నేను గమనించినది ఏమిటంటే, పక్క గదిలో ఉన్న అమ్మను పిలిచినట్టే పాప ఫోనులోనూ పిలుస్తోంది. పిలిస్తే నేను "ఆఁ" అనాలి, అప్పుడు అది చెప్తుంది. నేను అక్కడ లేనన్నది దానికి తోచదు. అందుకని ఒక ఆట పెట్టాను. పాప రాసిన సందేశాన్ని నా ఫోనుకు పంపిస్తుంది, నా ఫోను తాళం వేసి బల్ల మీద ఉంటుంది. తాళం తీయకుండా తెర మీద కనిపించిన ముక్కను మాత్రమే నేను పైకి చదివి, అందులో ఏముంటే అది మాత్రమే చేస్తాను. మొదటి రోజు "అమ్మా రేపు సైన్స్ మేడమ్ ప్రాజెక్టు అన్నారు" అని కనిపించింది. "సరే, అన్నారు" అని నేను కూర్చున్నాను. పాపకు కోపం వచ్చింది. రెండోసారి "అమ్మా చార్టు కావాలి" అని రాసింది. నేను లేచి ఇంట్లో ఉన్న పాత తెల్ల చార్టు తెచ్చి ఇచ్చాను. మూడోసారి "అమ్మా ఈ రోజు 8 లోపల ఒక ఆకుపచ్చ చార్టు కొనుక్కురా, రేపు సైన్స్‌కు" అని వచ్చింది. అది ఎవరూ చెప్పకుండా పాప తనంతట తాను కట్టిన వాక్యం.

రాత్రి షిఫ్టు

"8 లోపల" అన్నది నాకు చాలా నచ్చింది. మా అమ్మ "తొందరేం లేదు" అని రాస్తుంది, అది గంటలో కావాలో, నెలలో కావాలో నాకు తెలియదు. ఆ మాట బదులు ఎప్పటిలోగా అన్నది రాయమని చెప్తాను.

సికింద్రాబాద్ కోడలు

ఇది నేర్పేవాళ్ళందరికీ ఒక హెచ్చరిక చెప్పాలి. మా అత్తగారికి పోయిన ఏడాది ఇలాగే నేర్పాం, మేమందరమూ ఇంట్లో అదే పద్ధతిలో రాసుకుంటున్నాం. ఒకరోజు ఆవిడకు తెలియని నంబరు నుంచి, మా అబ్బాయి ఫోటోతో, "నానమ్మా వెంటనే 20 వేలు పంపు, ఫోను పాడైంది, ఇది స్నేహితుడి నంబరు" అని వచ్చింది. పని మొదటి వరసలో ఉంది, కారణం దాని తర్వాత ఉంది, పిలుపు కూడా ఉంది. మనవడే పద్ధతిగా రాశాడని ఆవిడ నమ్మేశారు. చేతిలో యూపీఐ లేదు కాబట్టి పక్కింటి అబ్బాయిని పంపమని అడిగారు. అతను మా వాడి పాత నంబరుకు ఫోను చేస్తే, వాడు కాలేజీలోనే ఉన్నాడు.

డబ్బు, ఓటీపీ, బ్యాంకు వివరాలు అడిగే సందేశం ఎంత చక్కగా రాసి ఉన్నా, అడిగిన మనిషి పాత నంబరుకు ఫోను చేసి గొంతు వినేదాకా ఏమీ చేయకూడదని అప్పటి నుంచి ఇంట్లో కట్టుబాటు పెట్టుకున్నాం. డబ్బు పోయిన పక్షంలో ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలని కూడా గోడ మీద రాసి అంటించాం.

నాచారం పాఠాలు

కోడలుగారు చెప్పినది మా తరగతిలో నేను ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఈ ఆదివారం నుంచి కత్తెర పాఠంతో పాటే ఇదీ చెప్తాను.

పద్మారావునగర్ వాసి

పన్నెండు రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలి. మామయ్యగారి ప్రశ్నను కాగితం మీద రాసి నాన్నగారి కుర్చీ ఎదురుగా అంటించాను. "ఇది చదివి మా వాడు ఏం చెయ్యాలి?" అని. మొదట రెండు రోజులు ఆయన ఏమీ పంపలేదు. నేను నొప్పించానేమోనని భయపడ్డాను. మూడో రోజు ఇది వచ్చింది.

"బాబూ, వచ్చేటప్పుడు అమ్మకు థైరాయిడ్ మాత్రలు తీసుకురా. రేపటికి ఒక్కటే ఉంది. వాన పడేలా ఉంది, జాగ్రత్తగా రా."

నేను వెంటనే ఆ సందేశానికే జవాబుగా "తెస్తాను, 7.30కి ఇంట్లో ఉంటాను" అని పెట్టాను. అప్పటి నుంచి అమ్మకు కావలసినవన్నీ ఇలాగే వస్తున్నాయి. వాన కబుర్లు తర్వాత వస్తున్నాయి, అవి నేను తీరిగ్గా చదువుతున్నాను.

ఒక పొరపాటు కూడా జరిగింది. ఒకసారి కబురు ముందు రాసి పంపేసి, గుర్తుకు వచ్చి, సందేశాన్ని నొక్కి పట్టుకుని Edit లో పనిని పైకి తెచ్చారు. అది ఎలాగో మా మేనకోడలు చూపించిందట. నాకు మొదటిది తప్ప మళ్ళీ ఏ మోతా రాలేదు, మారినట్టే తెలియలేదు. దిద్దడం కన్నా మళ్ళీ కొత్తగా పంపడమే మేలని చెప్పాను.

ఇంకా తెగని విషయం ఒకటి ఉంది. తన కోసం మాత్రం ఆయన ఇప్పటికీ అడగడం లేదు. నిన్న అమ్మ గురించి మొదటి వరసలో స్పష్టంగా రాసి, నాలుగో వరసలో "నా చుక్కల మందు అడుగంటింది, నువ్వు తీరిగ్గా వచ్చినప్పుడు చూద్దాం" అని పెట్టారు. అడగడం ఎలాగో ఆయనకు వచ్చిందని దీనితో తెలిసింది. తన కోసం అడగడమే రావడం లేదు.

విశ్రాంత గుమాస్తా

అది మీరు కాగితం అంటించి నేర్పగలిగినది కాదు బాబూ. మీ నాన్నగారు నాలుగో వరసలోనైనా రాశారు. నేనైతే అదీ రాసి ఉండేవాణ్ణి కాదు. ఆయన అడిగేదాకా ఆగకుండా, మీరే మొదటి వరసలో అడగండి. "నాన్నా, చుక్కల మందు ఇంకా ఎన్ని రోజులకు వస్తుంది?" అంటే, ఎన్ని రోజులో చెప్పక తప్పదు కదా, మూడు అనో రెండు అనో రాస్తారు. దానికి మొహమాటం అడ్డు రాదు.

పద్మారావునగర్ వాసి

ఇప్పుడే పంపాను. "ఈ రాత్రికి మాత్రమే" అని జవాబు వచ్చింది. మందుల దుకాణానికి బయలుదేరుతున్నాను.